కంటికి కనబడని క్లియర్ తుంపర

చివరి క్లియర్ కోటు కొట్టి గన్ ట్రిగ్గర్ వదలగానే పెయింటర్ చెయ్యి ముఖం మీది షీల్డు వైపు వెళ్తుంది. మెరుపు సమంగా వచ్చిందా, ఎక్కడైనా కారిందా, ఆరెంజ్ పీల్ తేలిందా అని దగ్గరికి వంగి చూసుకోవాలి. షీల్డు నిండా తుంపర్లు పడి చూపు మసకగా ఉంటుంది. అందుకని దాన్ని పైకి ఎత్తేస్తాడు. బూత్‌లో గాలి తేటగానే ఉంది, వాసనా పెద్దగా లేదు. కానీ అతను రోజు మొత్తం మీద ఎక్కువ విషాన్ని పీల్చేది సరిగ్గా ఆ కాసేపట్లోనే కావచ్చు. బ్రిటన్‌లో పని ప్రదేశాల భద్రతను చూసే ప్రభుత్వ సంస్థ హెచ్‌ఎస్‌ఈ, కార్ పెయింటర్లకు పదేపదే చేసే హెచ్చరికల్లో ఇదొకటి.

ఆ విషం పేరు ఐసోసయనేట్. వాహనాలకు కొట్టే 2కే పెయింటు రెండు డబ్బాల్లో వస్తుంది. ఒకదాంట్లో పెయింటు, రెండోదాంట్లో హార్డెనర్. గట్టిపడే గుణాన్ని ఇచ్చే ఐసోసయనేట్ ఉండేది హార్డెనర్‌లోనే. కార్లకు వాడే వాటిలో ఇది ఎక్కువగా హెచ్‌డీఐ అనే రకం. రెండూ కలిసినప్పుడు పెట్రోలు పడినా, ఎండ కాసినా చెదరని పాలీయురెథేన్ పొర ఏర్పడుతుంది. రంగు వేసే బేస్ కోటులో సాధారణంగా హార్డెనర్ ఉండదు. అది ఉండేది ప్రైమర్‌లోనూ, పైన కొట్టే క్లియర్‌లోనూ. బేస్ కోటు నీటితో కలిపే రకమైనా దానిపై కొట్టే క్లియర్ మాత్రం చాలావరకు ఐసోసయనేట్‌దే. పాత ఎన్‌సీ పెయింట్లలో ఇది లేదు.

1984లో భోపాల్‌లో వెలువడిన మిథైల్ ఐసోసయనేట్ కూడా ఈ కుటుంబానిదే. అయితే అది ఇట్టే ఆవిరైపోయే ద్రవం. హార్డెనర్‌లోది అలా కాదు, చిక్కని పదార్థం, డబ్బాలో ఉన్నంతసేపూ పెద్దగా ఆవిరి కాదు. దాన్ని ఊపిరితిత్తుల దాకా చేర్చేది స్ప్రే గన్. గాలి ఒత్తిడికి అది సన్నని తుంపరగా చీలిపోతుంది. అందులో చాలా కణాలు మామూలు వెలుతురులో కంటికి ఆనవు. వాసన తెలిసేసరికే గాలిలో మోతాదు పరిమితిని దాటిపోయి ఉంటుంది. బ్రిటన్‌లో ఆ పరిమితి ఎనిమిది గంటల సగటున ఘనపు మీటరు గాలికి 0.02 మిల్లీగ్రాములు మాత్రమే.

ఈ తుంపర పీల్చిన అందరికీ జబ్బు రాదు. కొందరిలో నెలల తర్వాతో, ఏళ్ల తర్వాతో శరీరం దీన్ని శత్రువుగా గుర్తుపెట్టుకుంటుంది. ఆ తర్వాత అతి కొద్ది మోతాదు తగిలినా శ్వాసనాళాలు బిగుసుకుపోతాయి. దగ్గు, పిల్లికూతలు, ఛాతీ పట్టేసినట్టుండటం చాలామందిలో పని చేస్తుండగా మొదలుకావు. సాయంత్రం ఇంటికి వెళ్లాకో, అర్ధరాత్రో వస్తాయి. అందుకే పెయింటర్ దాన్ని పడిశం అనుకుంటాడు, దుమ్ము అనుకుంటాడు, సిగరెట్ వల్ల అనుకుంటాడు. ఆదివారం కాస్త తెరిపిగా ఉండి, పనిలోకి వెళ్లిన రోజుల్లో మళ్లీ ముదురుతుంటే అనుమానం హార్డెనర్ మీదికి పోవాలి. హెచ్‌ఎస్‌ఈ లెక్క ప్రకారం బ్రిటన్‌లో వాహనాల పెయింటర్లకు ఆస్తమా వచ్చే అవకాశం మిగతా పనివాళ్లతో పోలిస్తే దాదాపు 80 రెట్లు ఎక్కువ.

ఒకసారి ఈ ఆస్తమా వచ్చాక స్ప్రే పనిలోనే కొనసాగడం ఎంత ప్రమాదమో 1988లో ఇటలీ వైద్యులు ప్రచురించిన ఒక కేసు చెబుతుంది. ఆ కార్ పెయింటర్‌కు ఐసోసయనేట్ పడదని ఏళ్ల క్రితమే తేలింది. అయినా పని మానలేదు. ఒకరోజు పనిచోట పాలీయురెథేన్ పెయింటు తగిలిన కొద్దిసేపటికే ఉబ్బసం ముదిరి చనిపోయాడు.

కంటికీ ముక్కుకూ తెలియనప్పుడు బూత్‌లో గాలి ఎప్పుడు శుభ్రమైందో తెలిసేదెలా? దానికి తేలికైన పరీక్ష ఉంది. బూత్ ఫ్యాన్లు ఆన్‌చేసి, నాటకాల్లో వాడే పొగ యంత్రంతో లోపలంతా పొగ నింపుతారు. పొగ యంత్రం ఆపినప్పటి నుంచి, మూలల్లో కూడా పొగ జాడ లేకుండా పోయేదాకా గడియారం పట్టి చూస్తారు. అదే ఆ బూత్ క్లియరెన్స్ టైమ్. మంచి బూత్‌లో ఇది ఐదు నిమిషాల లోపే ఉంటుంది. ఫ్యాన్ బిగించిన మామూలు గదిలో ఇరవై నిమిషాలు దాటవచ్చు.

ఒక బూత్‌లో నాలుగు నిమిషాలు పట్టిందనుకుందాం. ఆ అంకెను తలుపు మీద పెద్దగా రాయాలి. గన్ ఆపాక నాలుగు నిమిషాలూ ఫ్యాన్లు తిరుగుతూనే ఉండాలి, షీల్డు దించే ఉండాలి. ముందే బయటికి రావాల్సివస్తే షీల్డుతోనే రావాలి. మూడు కోట్లు కొట్టి, ప్రతిసారీ వెంటనే షీల్డు ఎత్తిన పెయింటర్ ఒక్క కారుకే మూడుసార్లు తుంపరలో తలపెట్టినట్టు. కొన్ని నెలలకు ఫిల్టర్లు మూసుకుపోతే అదే బూత్‌కు ఎనిమిది నిమిషాలు పట్టవచ్చు, తలుపు మీది నాలుగు అప్పుడు అబద్ధమవుతుంది. కాబట్టి పొగ పరీక్ష మళ్లీ మళ్లీ చేయాలి. అదే పొగ తలుపు సందుల్లోంచి బయటికి వస్తోందేమో కూడా చూడాలి. వస్తోందంటే పక్కన లప్పం రుద్దే కుర్రాడూ ఐసోసయనేట్ పీలుస్తున్నట్టే.

ముఖానికి కట్టుకునే జేబురుమాలు గానీ, సర్జికల్ మాస్కు గానీ ఇక్కడ పనికిరావు. బొగ్గు కార్ట్రిడ్జ్ మాస్కుతోనూ చిక్కుంది. కార్ట్రిడ్జ్ నిండిపోతే ఐసోసయనేట్ వాసన హెచ్చరించదు. కంప్రెసర్ నుంచి శుభ్రపరిచిన గాలిని గొట్టం ద్వారా అందించే ఎయిర్-ఫెడ్ మాస్కే సరైనది. హార్డెనర్ కలిపేటప్పుడూ గన్ కడిగేటప్పుడూ నైట్రైల్ గ్లవ్స్ వేసుకోవాలి, చర్మానికి తగలడం కూడా ఈ అలర్జీకి దారి తీయవచ్చు.

ఇవన్నీ నిజంగా పనిచేస్తున్నాయో లేదో చెప్పేది మూత్ర పరీక్ష. ఒంట్లోకి చేరిన హెచ్‌డీఐ కొన్ని గంటల్లోనే మరో రూపంలో మూత్రంలో బయటికి పోతుంది. అందుకే స్ప్రే పని ముగియగానే నమూనా ఇవ్వాలి, మర్నాడు పొద్దున ఇస్తే ఏమీ దొరకదు. ఇది జబ్బును పట్టే పరీక్ష కాదు. విషం లోపలికి వెళ్తోందా లేదా అన్నదే చెబుతుంది. ఫలితం ఎక్కువ వస్తే మాస్కు, బూత్, షీల్డు అలవాటు, ఈ మూడింటినీ వెతకాలి.

జబ్బును పట్టడానికి దారి వేరు. పనిలో చేరేటప్పుడే స్పైరోమెట్రీ చేసి, తర్వాత ఏటా దాంతో పోల్చాలి. మొదటి కొద్ది వారాల్లోనూ లక్షణాల గురించి అడగాలి. క్లినిక్‌లో ఒక్కసారి ఊదిన పరీక్ష బాగానే వచ్చినంత మాత్రాన ఆస్తమా లేదనలేం. అనుమానం ఉంటే పీక్ ఫ్లో మీటర్ ఇంటికి ఇచ్చి, రోజుకు కనీసం నాలుగుసార్లు, సెలవు రోజులు కూడా కలిపి సుమారు నాలుగు వారాలు ఊదించి రాయిస్తారు. పని రోజుల్లో అంకెలు పడిపోయి సెలవుల్లో లేస్తుంటే కారణం పనిలోనే ఉందని తేలుతుంది. లక్షణాలు మొదలైన తొలి నెలల్లోనే స్ప్రే మానేసినవారు కోలుకునే అవకాశం ఎక్కువ.

విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీకి పెయింట్ కొట్టే మేస్త్రీకైనా, హైదరాబాద్ కార్ షోరూమ్ పెయింటర్‌కైనా ఇదంతా వర్తిస్తుంది. బూత్ లేని రేకుల షెడ్డులో, టార్పాలిన్ చాటున 2కే క్లియర్ కొట్టడమంటే పక్కవాళ్లందరికీ పంచడమే. భారత చట్టం ఐసోసయనేట్ విషప్రభావాన్ని ప్రభుత్వానికి తెలియజేయాల్సిన వృత్తి వ్యాధుల్లో చేర్చింది. పని వల్ల వచ్చిన ఆస్తమాకు పరిహారమూ చట్టంలో ఉంది. కానీ డాక్టర్ చీటీలో ఉత్త 'ఆస్తమా' అని రాసి ఉంటే అవేవీ వర్తించవు. దగ్గుతో వెళ్లే పెయింటర్ తన పని ఏమిటో చెప్పి, హార్డెనర్ డబ్బా లేబుల్ ఫొటో చూపించి, దగ్గు ఏ రోజుల్లో పెరుగుతుందో ఏ రోజుల్లో తగ్గుతుందో కూడా రాయించుకోవాలి.