సేన్ నదిలో వైకింగ్ ఓడలు

క్రీ.శ. 845 మార్చిలో 120 వైకింగ్ ఓడలు సేన్ నదికి ఎదురెక్కి పారిస్ మీదికి వచ్చాయి. సముద్రం దాటే ఓడలు నదిలోకి అంత దూరం రావడానికి కారణం వాటి కట్టుబడి. పలుచని ఓక్ పలకలను ఒకదాని అంచు మీదికి ఇంకొకటి వచ్చేలా ఇనుప మేకులతో బిగించేవారు. అందువల్ల ఓడ తేలిగ్గా ఉండి, మొలలోతు నీళ్లలోనూ నడిచేది. గాలి ఉంటే తెరచాప ఎత్తేవారు, లేకుంటే తెడ్లు వేసేవారు. రేవు అక్కర్లేదు, నేరుగా ఒడ్డుకే ఎక్కించేవారు. రెండు కొసలూ ఒకేలా ఉండడంతో ఓడను తిప్పకుండానే వెనక్కి మళ్లేవారు.

శత్రువు ఏ ఒడ్డున దిగుతాడో తెలియక ఫ్రాంకుల రాజు చార్లెస్ సైన్యాన్ని రెండు గట్ల మీదా నిలిపాడు. వైకింగులు చిన్న దళం మీద పడి గెలిచారు. 111 మంది బందీలను అవతలి దళం చూస్తుండగానే ఉరితీశారు. మధ్యలో నది ఉండడంతో ఆ దళం ఏమీ చేయలేకపోయింది. చివరికి రాజు 7,000 పౌండ్ల వెండి ఇచ్చి వాళ్లను సాగనంపాడు.

ఓడల వెంట పరుగెత్తడం కన్నా దారి మూయడం మేలని చార్లెస్ గ్రహించాడు. 862లో పీత్ర్ దగ్గర నది మీద కోటవంతెన కట్టించడం మొదలుపెట్టాడు. 885లో పారిస్ వంతెనలు వైకింగులను నెలల తరబడి ఆపాయి. అయినా చివరికి వాళ్లు ఓడలను నేల మీద ఈడ్చుకుంటూ పట్నం దాటించారు.