మైనస్ నాలుగున్నర రోజుల సెలవు

మేడ్చల్ పారిశ్రామిక వాడలోనూ, శామీర్‌పేట దాటాక తుర్కపల్లి వైపు జీనోమ్ వ్యాలీలోనూ ఉన్న కంపెనీల్లో డిసెంబర్ 31 రాత్రి హెచ్‌ఆర్ సాఫ్ట్‌వేర్‌కు పెద్ద పని ఉంటుంది. ఆ ఏడాది లీవు ఖాతా మూసి, మిగిలిన రోజుల్ని కొత్త ఏడాదికి తీసుకెళ్లాలి. మనవాళ్లు చాలామంది ఇంటర్న్‌షిప్‌కు వెళ్లేది ఈ కంపెనీలకే. నేను మందు బిళ్లలు తయారు చేసే ఒక ప్లాంట్‌లో చేశాను. జనవరి మొదటి వారంలో అక్కడ కొందరి లీవు ఖాతాలు మైనస్‌లో కనిపించాయి. కారణం వెతికే పని మా టీమ్‌కు వచ్చింది.

ప్యాకింగ్ సెక్షన్‌లో పనిచేసే ఒక అక్క ఖాతాలో −4.5 అని ఉంది. "సంక్రాంతికి ఊరికి పోదామనుకున్న తమ్ముడూ. లీవుల్లేవు, పైగా జీతం కట్ అయితదంటున్రు. నేను వాడుకున్నది పదే కదా" అంది. ఆమె మాట నిజమే. పది రోజులే వాడింది. తప్పు ఎక్కడుందో తెలియాలంటే ముందు ఆ కంపెనీ రూల్ ఏమిటో చూడాలి.

ఇక్కడ మాట్లాడేది చట్టం ఇచ్చే సెలవు గురించి కాదు. 2025 వరకు అమల్లో ఉన్న ఫ్యాక్టరీల చట్టం, 1948లోని సెక్షన్ 79 ప్రకారం ఏడాదిలో 240 రోజులు పనిచేసిన కార్మికుడికి ప్రతి 20 రోజుల పనికి ఒక రోజు జీతంతో సెలవు మరుసటి ఏడాది వచ్చేది. వాడుకోనిది 30 రోజుల వరకు ముందుకు వెళ్లేది. దానికి పైన ఆ కంపెనీ తన తరఫున ఒక స్పెషల్ లీవు ఇస్తోంది. దానికి మూడు రూల్స్ ఉన్నాయి. ఒకటి, ప్రతి నెలాఖరున 0.5 రోజు జమ అవుతుంది, అంటే ఏడాదికి 6. రెండు, ఏడాది చివర మిగిలినవాటిలో 6 రోజుల వరకు కొత్త ఏడాదికి వెళ్తాయి. మూడు, అలా వెళ్లిన పాత రోజుల్ని ఆ కొత్త ఏడాది డిసెంబర్ 31లోపు వాడుకోకపోతే అవి రద్దవుతాయి.

ఇప్పుడు అక్క లెక్క చూద్దాం. జనవరి 1న పాత ఏడాది నుంచి వచ్చినవి 6. నవంబర్ చివరికి పదకొండు నెలల జమ 5.5. వాడుకున్నవి 10. కాబట్టి చేతిలో ఉన్నవి 1.5. డిసెంబర్ జమ 0.5 కూడా కలిపితే 2. పాత 6 రోజులు ముందు ఖర్చయ్యాయి, మిగతా 4 కొత్తవాటిలోంచి పోయాయి. పాతవి ఏమీ మిగల్లేదు కనుక రద్దు కావాల్సిందీ లేదు. కొత్త ఏడాదిని ఆమె 2 రోజులతో మొదలుపెట్టాలి.

డిసెంబర్ 31 రాత్రి నడిచిన ప్రోగ్రామ్ మూడు పనుల్ని ఈ వరసలో చేసింది: ముందు రద్దు, తర్వాత ముందుకు తీసుకెళ్లడం, చివర డిసెంబర్ జమ. రద్దు చేసేటప్పుడు 1.5లోంచి 6 తీసేసింది, −4.5 వచ్చింది. ఆ తర్వాతి వరుసలో ఉన్న ఫార్ములా `min(balance, 6)`. ఎక్కువ ఉంటే 6 దగ్గర ఆపాలని రాసింది. కానీ మైనస్ నాలుగున్నర 6 కన్నా చిన్నదే కదా, అందుకని అదే కొత్త ఏడాదికి వెళ్లిపోయింది. అప్పుడు వచ్చిన డిసెంబర్ 0.5 అప్పటికే మూసేసిన పాత ఏడాది ఖాతాలో పడింది. అది ఎవరికీ అందలేదు.

వరసలో తేడా ఉందని కనిపించగానే అందరికీ తోచే సవరణ ఒకటే: జమను ముందుకు తేవడం. అలా చేస్తే 1.5 + 0.5 = 2, అందులోంచి 6 పోతే −4. అర రోజు దొరికింది గానీ మైనస్ మాత్రం పోలేదు. రెండో సవరణ, మైనస్ వస్తే సున్నా చేయమని `max(0, balance)` పెట్టడం. అప్పుడు స్క్రీన్ మీద 0 కనిపిస్తుంది. ఫిర్యాదు ఆగుతుంది, కానీ ఆమెకు రావాల్సినవి 2. పాత వరసలోనే, రద్దు కాగానే ఈ max పెట్టి, జమను ముందుకు తీసుకెళ్లడానికి ముందే కలిపితే 0.5 వస్తుంది. ఒకే మనిషికి, ఒకే రూల్‌కి, నాలుగు జవాబులు: −4.5, −4, 0, 0.5. నాలుగూ తప్పే.

ఇక్కడ లెక్కల క్లాసులో విన్న సంగతి ఒకటి పనికొస్తుంది. కూడికలు, తీసివేతలు మాత్రమే ఉంటే ఏది ముందు చేసినా జవాబు మారదు. మధ్యలో min గానీ max గానీ వచ్చాయంటే వరస మారితే జవాబూ మారవచ్చు. లీవు రూల్స్‌లో "గరిష్ఠంగా ఇన్ని" అని ఎక్కడ ఉన్నా అక్కడ ఒక min ఉన్నట్టే. అందుకే ప్రోగ్రామ్‌లో పనుల వరసను ఎవరో ఒకరు కావాలని నిర్ణయించాలి. అదే తోచినట్టు పడిపోకూడదు.

అయితే అసలు తప్పు ఆ వరసలో లేదు, ఇంకో వరసలో ఉంది. సెలవు వాడుకున్నప్పుడు ముందు ఏ రోజులు ఖర్చవుతాయి, పాతవా కొత్తవా అన్నదే ఆ వరస. డేటాబేస్‌లో పాత రోజులకు `ELCF` అని ఒక కోడ్, కొత్తవాటికి `EL` అని ఇంకో కోడ్ ఉన్నాయి. లీవు అప్లికేషన్ ఫారంలో మాత్రం ఒక్క `EL` మాత్రమే ఉంది. కాబట్టి అక్క తీసుకున్న పది రోజులూ `EL` కింద నమోదయ్యాయి. రద్దు చేసే ప్రోగ్రామ్ `ELCF` కింద ఎంత వాడారని అడిగింది. సున్నా అని వచ్చింది. అంటే 6 అలాగే ఉన్నాయనుకుని మొత్తం రద్దు చేసింది. ఆమె ఖర్చు పెట్టేసిన ఆరు రోజుల్నే రెండోసారి తీసేసిందన్నమాట.

సవరణ రెండు వరుసలు:

```python
expired = max(0, cf - used)
carry = min(cf + accrued - used - expired, 6)
```

`cf` అంటే పాత ఏడాది నుంచి వచ్చినవి, `used` అంటే ఏ కోడ్ కింద ఉన్నా ఆ ఏడాది వాడినవన్నీ, `accrued` అంటే డిసెంబర్‌తో కలిపి పన్నెండు నెలల జమ. ఎవరు ఎంత వాడినా ముందు పాతవే ఖర్చయినట్టు లెక్క. అక్కకు రద్దు 0, మిగిలేది 6 + 6 − 10 = 2. ఇక్కడున్న max రద్దయ్యే రోజుల మీద ఉంది, మిగిలిన బ్యాలెన్స్ మీద కాదు. ఆ తేడా ముఖ్యం. ఎవరైనా అనుమతితో అడ్వాన్స్‌గా 13 రోజులు వాడుకుని ఉంటే ఈ ఫార్ములా −1 చూపిస్తుంది. అది నిజమైన బాకీ, దాన్ని సున్నా చేసి దాచకూడదు.

మాకు బాగా గుర్తుండిపోయింది మైనస్‌లో ఉన్నవాళ్లు కాదు. జమను ముందుకు తెచ్చిన పాత ఫార్ములాలో 6 తీసుకొచ్చినవాళ్ల మిగులు 6 + 6 − వాడినవి − 6, అంటే 6 − వాడినవి. ఆరుకు మించి వాడినవాళ్లే మైనస్‌లోకి వెళ్తారు. నాలుగు రోజులు వాడిన మనిషిని తీసుకోండి. పాత 6లో 2 రద్దవాలి, కొత్త 6 ముందుకు వెళ్లాలి. అతని స్క్రీన్ మీద 2 ఉంది. ప్లస్ సంఖ్యే కదా అని ఎవరూ అడగలేదు. అతను కోల్పోయింది 4 రోజులు. మరి టెస్టింగ్‌లో ఎందుకు దొరకలేదు? టెస్ట్ కోసం పెట్టిన ఉద్యోగి ఒక్క సెలవూ వాడలేదు. అతనికి రద్దు 6, మిగులు 6, రెండూ కరెక్టే. కాబట్టి ఇలాంటి ప్రోగ్రామ్‌కు కనీసం మూడు టెస్టులు కావాలి: ఏమీ వాడని మనిషి, పాతవాటిలో కొన్నే వాడిన మనిషి, పాతవన్నీ అయిపోయి కొత్తవి కూడా వాడిన మనిషి. అలాగే వెతకాల్సింది మైనస్ బ్యాలెన్స్‌ల కోసం కాదు. రద్దయినవి `max(0, cf - used)` కన్నా ఎక్కువ ఉన్న ప్రతి వరుస కోసం.

డబ్బుల్లో చెప్పాలంటే, నెలకు 18,000 జీతాన్ని 26 రోజులతో భాగిస్తే రోజుకు 692 రూపాయల చిల్లర. −4.5కూ 2కూ మధ్య తేడా 6.5 రోజులు. అది 4,500 రూపాయలు.

ఈ చిక్కు సాఫ్ట్‌వేర్ కన్నా పాతది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు 1972 నాటి సీసీఎస్ లీవు రూల్స్ ఉన్నాయి. ఎర్న్‌డ్ లీవు జనవరి 1న 15, జులై 1న 15 ముందుగానే జమ అవుతుంది, గరిష్ఠం 300. డిసెంబర్ 31న ఒకరికి 292 ఉన్నాయనుకోండి. 15 కలిపి వెంటనే 300 దగ్గర ఆపితే 7 పోతాయి. ఫిబ్రవరిలో ఆయన 10 రోజులు సెలవు పెడితే మిగిలేవి 290. రూల్ అలా చేయదు. 285 దాటి 300 వరకు ఉన్నవాళ్ల 15 రోజుల్ని వేరుగా ఉంచుతుంది. ఆ ఆరు నెలల్లో వాడిన సెలవును ముందు ఆ 15లోంచి తీస్తుంది. మిగిలిన 5 జూన్ చివర కలుస్తాయి, మొత్తం 297. ఏది ముందు ఖర్చు కావాలి, పరిమితి ఎప్పుడు పెట్టాలి అన్న రెండు వరసల్నీ ఆ రూల్‌లోనే రాసిపెట్టారు. మా కంపెనీ పాలసీ కాగితంలో లేనిది సరిగ్గా అదే వాక్యం.

ఒక చిక్కు మిగిలింది. డిసెంబర్ 31కి లీవు పెట్టిన మనిషి మిషన్ ఆగిందని పిలిస్తే డ్యూటీకి వచ్చాడు. సూపర్‌వైజర్ ఆ లీవును జనవరి 3న రద్దు చేశాడు. అతనికి ఒక రోజు తిరిగి ఇవ్వాలా? అతను మొత్తం 10 వాడి ఉంటే ఇప్పుడు 9, మిగులు 3 అవుతుంది, ఆ రోజు తిరిగి వచ్చినట్టే. మొత్తం 6 వాడి ఉంటే ఇప్పుడు 5. అప్పుడు పాతవాటిలో ఒకటి మిగిలి రద్దవుతుంది, ఫార్ములా ప్రకారం అతనికి ఏమీ రాదు. కంపెనీయే పిలిచింది కాబట్టి అది న్యాయమా కాదా అన్నది హెచ్‌ఆర్ తేల్చాలి, ఫార్ములా తేల్చలేదు. ప్రోగ్రామ్ చేయగలిగింది ఒకటే: బ్యాలెన్స్‌కు ఒకటి కలపడం కాకుండా, తను వేసిన రద్దు ఎంట్రీని తీసేసి ఆ మనిషి ఏడాది లెక్కను మొదటి నుంచి మళ్లీ నడపాలి. ఎన్నిసార్లు నడిపినా అదే జవాబు రావాలి.

సవరించిన లెక్కను ప్లాంట్ మొత్తానికి నడిపాక జనవరి జీతాల లిస్టు మారింది. మైనస్‌లో ఉన్నవాళ్ల కన్నా, ఏమీ అడగకుండా ఊరుకున్నవాళ్ల పేర్లే అందులో ఎక్కువగా ఉన్నాయి.