ఓవెన్‌లో కోడి కాళ్లు: పైన కరకర, లోపల మెత్తన

కోడి తొడ, దాని కింద ఉండే డ్రమ్‌స్టిక్ రోజంతా బరువు మోసే కండరాలు. అందుకే రొమ్ము ముక్క కంటే వీటిలో కొవ్వూ ఎక్కువ, కండను పట్టి ఉంచే కొల్లాజెన్ అనే గట్టి పదార్థమూ ఎక్కువే. రొమ్ము ముక్క వేడి కాస్త మించితే పీచులా ఎండిపోతుంది. కాలి ముక్కకు ఆ భయం తక్కువ. పైగా దానికి రొమ్ముకన్నా ఎక్కువ వేడే కావాలి.

కోడి మాంసం లోపల 74 డిగ్రీల సెల్సియస్‌కు చేరితే సాల్మొనెల్లా లాంటి సూక్ష్మజీవులు చనిపోతాయి. అమెరికా వ్యవసాయ శాఖ సూచించేదీ ఈ అంకెనే. తినడానికి అది సురక్షితమే కానీ, ఆ దశలో దించిన తొడ ముక్క ఎముక దగ్గర రబ్బరులా సాగుతుంది. కొల్లాజెన్ కరిగి జిగురుగా మారి మాంసాన్ని మెత్తబరచాలంటే లోపలి వేడి 80 నుంచి 85 డిగ్రీల దాకా, అదీ నిదానంగా చేరాలి. 90 దగ్గరికి వెళ్లినా పెద్దగా చెడేదేమీ లేదు. స్కిన్ కరకరలాడడానికీ సరిగ్గా ఈ అదనపు సమయమే అక్కరకొస్తుంది.

స్కిన్‌లో ఉండేది ప్రధానంగా నీరు, కొవ్వు, కొల్లాజెన్. తడి ఉన్నంతసేపూ దాని ఉపరితలం 100 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. ఎర్రగా వేగి ఘుమఘుమలాడే దశ 140 డిగ్రీల చుట్టుపక్కల ఊపందుకుంటుంది. అంటే ముందు నీరు పోవాలి, ఆ వెంట కింది కొవ్వు కరిగి కారిపోవాలి. పెరుగు మసాలా పట్టించిన ముక్కకు రుచి బాగానే వస్తుంది గానీ స్కిన్ మాత్రం మెత్తగా, తోలులా మిగులుతుంది. ఆ మసాలాకు స్కిన్‌లెస్ ముక్కలే నయం. మన చికెన్ షాపుల్లో ఎక్కువగా స్కిన్ తీసేసి కొడతారు కాబట్టి, 'విత్ స్కిన్' కావాలని, కాళ్లు చిన్న ముక్కలు చేయొద్దని ముందే చెప్పాలి.

నాలుగు తొడలు, నాలుగు డ్రమ్‌స్టిక్‌లు కలిపి కిలో అనుకుందాం. కడిగే అలవాటున్న ఇళ్లలో ఆ తర్వాత పొడి గుడ్డతోనో టిష్యూతోనో చెమ్మ పూర్తిగా అద్దాలి. రెండు చిన్న చెంచాల మామూలు ఉప్పు, ఒక చెంచా మిరియాల పొడి, ఒక చెంచా బేకింగ్ పౌడర్ కలిపి అన్ని వైపులా రుద్దాలి. బేకింగ్ పౌడర్ క్షారగుణం స్కిన్ త్వరగా ఎర్రబడేలా చేస్తుంది. దాని బదులు వంటసోడా వేస్తే సబ్బు రుచి వస్తుంది. కారం పైన చల్లితే ఈ వేడికి మాడుతుంది కనుక స్కిన్ కింద పూయడం మేలు. ముక్కల్ని జాలీ మీద పేర్చి, మూత లేకుండా, ఫ్రిజ్‌లో కింది అరలో రాత్రంతా ఉంచాలి. ఉప్పు లోపలికి ఇంకుతుంది, స్కిన్ ఆరి కాగితంలా బిగుస్తుంది. కరకరలో సగం పని ఇక్కడే అయిపోతుంది.

ఓవెన్‌ను 220 డిగ్రీల దగ్గర, ఓటీజీ అయితే పైనా కిందా రెండు రాడ్లూ వేసి, పావుగంట ముందే వేడి చేయాలి. ఫ్యాన్ ఉంటే 200 చాలు. జాలీ కింద ట్రే పెట్టి, స్కిన్ పైకి ఉండేలా, ముక్కకూ ముక్కకూ అంగుళం ఎడంతో మధ్య అరలో పెట్టాలి. ఇరికించినా, పైన ఫాయిల్ కప్పినా ఆవిరి బయటికి పోక ముక్కలు ఉడుకుతాయే తప్ప కాలవు. 20 నిమిషాలకు డ్రమ్‌స్టిక్‌లను ఒకసారి తిప్పాలి. తొడల్ని కదపక్కర్లేదు.

అరగంటకు థర్మామీటర్ గుచ్చి చూడాలి. మొన ముక్కలో బాగా లావైన చోట, ఎముకకు తగలకుండా దిగాలి. ఎముకకు ఆనితే అంకె తప్పుతుంది. అప్పటికి 74 చూపితే ఇంకో పది, పదిహేను నిమిషాలు ఉంచాలి. థర్మామీటర్ లేనివారికి గుర్తులు రెండు: డ్రమ్‌స్టిక్ చివర మాంసం ఎముకను వదిలి పైకి జరుగుతుంది, కత్తి మొన తొడలోకి అడ్డు లేకుండా దిగుతుంది. రంగును మాత్రం నమ్మడానికి లేదు. లేత బ్రాయిలర్ ఎముకల్లోంచి మూలుగ రంగు బయటికి ఊరుతుంది కాబట్టి, బాగా ఉడికిన ముక్కలోనూ ఎముక పక్కన ఎరుపు కనిపించవచ్చు. కారే రసం తేటగా ఉన్నంత మాత్రాన ఉడికిందనీ కాదు.

మాంసం అయిపోయినా స్కిన్ పాలిపోయి ఉంటే పై రాడ్ ఒక్కటే వేసి రెండు మూడు నిమిషాలు, కళ్లు తిప్పకుండా కాల్చాలి. స్కిన్ ముందే నల్లబడి లోపల పచ్చిగా ఉంటే ట్రేను కింది అరకు దించి వేడి 180కి తగ్గించాలి. చిన్న ఓటీజీల్లో డయల్ చెప్పే వేడికీ లోపలి వేడికీ తేడా మామూలే. లోపల పెట్టే ఓవెన్ థర్మామీటర్ ఆ తేడాను పట్టిస్తుంది. బయటికి తీశాక ఐదు నిమిషాలు జాలీ మీదే వదిలేయాలి. వేడి పోకూడదని గిన్నె బోర్లిస్తే ఆ కాసేపట్లోనే స్కిన్ మెత్తబడిపోతుంది.