లైకులు వేలల్లో, ఆర్డర్లు వేళ్ల మీద: ఫేస్‌బుక్ యాడ్‌లో డబ్బు ఎక్కడ పోతోంది?

గుంటూరు: రంజాన్ నెల దగ్గర పడుతుంటే ఇళ్ల నుంచే అబాయాలు, హిజాబ్‌లు అమ్మే మహిళలు ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లో యాడ్లు వేయడం ఇప్పుడు మామూలైంది. యాడ్ బాగా నడుస్తున్నట్టే కనిపిస్తుంది, లైకులు వస్తాయి, వ్యూస్ పెరుగుతాయి. ఆర్డర్లు మాత్రం రావు. చాలామంది ఫొటో బాగోలేదనో, ధర ఎక్కువైందనో అనుకుంటారు. కానీ తప్పు చాలాసార్లు అంతకంటే ముందే, యాడ్ తయారీలో అడిగే మొదటి ప్రశ్న దగ్గరే జరిగిపోతుంది.

ఆ ప్రశ్న పేరు ఆబ్జెక్టివ్. మెటా యాడ్స్ మేనేజర్‌లో కొత్త క్యాంపెయిన్ మొదలుపెట్టగానే ఆరు పేర్లు కనిపిస్తాయి: Awareness, Traffic, Engagement, Leads, App promotion, Sales. చాలామంది దీన్ని ఫారంలో నింపాల్సిన ఒక గడి అనుకొని, ఏదో ఒకటి నొక్కి ముందుకెళ్లిపోతారు. నిజానికి అది మనం మెటాకు ఇచ్చే ఆర్డర్.

ఎలాగంటే, గుంటూరులో 20 నుంచి 45 ఏళ్ల మహిళలకు చూపించమని పెట్టినా, రోజుకు కొన్ని వందల రూపాయలతో వాళ్లందరికీ యాడ్ చేరదు. అందులో ఎవరికి చూపించాలో మెటానే ఎంచుకుంటుంది. ఎవరు ఏం చేసే అలవాటున్న మనిషో దాని దగ్గర లెక్క ఉంటుంది. లైకులు కావాలంటే లైక్ కొట్టే అలవాటున్న వాళ్లను, లింక్ క్లిక్‌లు కావాలంటే క్లిక్ చేసేవాళ్లను, మెసేజ్‌లు కావాలంటే దుకాణాలకు మెసేజ్ పెట్టేవాళ్లను వెతుకుతుంది. అడిగింది అడిగినట్టే ఇస్తుంది. లైకులు అడిగి ఆర్డర్లు ఆశిస్తే అది మన పొరపాటే.

ఒక లెక్క చూద్దాం. ఇవి విషయం అర్థం కావడానికి వేసుకున్న అంకెలు మాత్రమే. బ్రాడీపేటలో ఇంటి నుంచి అబాయాలు అమ్మే ఒకావిడ పది రోజులకు ₹6,000 పెట్టారు. ఒక్కో అబాయా మీద ఆమెకు మిగిలేది ₹600. Engagement తీసుకొని, పోస్ట్‌కు స్పందన పెంచమని పెట్టారు. లైకులు, కామెంట్ల లాంటి స్పందనలు 3,000 వచ్చాయి, అంటే ఒక్కోదానికి ₹2. వాట్సాప్‌కు వచ్చింది పది మంది, కొన్నది ఇద్దరు. మిగిలింది ₹1,200, ఖర్చు ₹6,000. నష్టం ₹4,800.

అదే Engagement లోనే, స్పందన ఎక్కడ రావాలన్న చోట WhatsApp పెట్టి, సంభాషణలు పెంచమని చెప్పారనుకుందాం. 120 మంది మెసేజ్ చేశారు, ఒక్కొక్కరికి ₹50 పడింది. 15 మంది కొన్నారు. మిగిలింది ₹9,000, ఖర్చు తీసేస్తే లాభం ₹3,000. ఫొటో అదే, ధర అదే, బడ్జెట్ అదే.

ఈ నష్టం కంటికి కనిపించకపోవడానికి కారణం రిపోర్టే. Results అనే కాలమ్ మనం అడిగిన దాన్నే లెక్కపెడుతుంది. మొదటి యాడ్‌లో అక్కడ 3,000 అని, Cost per result దగ్గర ₹2 అని పడుతుంది. రెండో దానిలో 120, ₹50. పైపైన చూస్తే మొదటిదే చవక. అందుకే ఆ కాలమ్‌ను నమ్ముకోకుండా, పెట్టిన ఖర్చును వచ్చిన ఆర్డర్లతో భాగించి ఒక నోట్‌బుక్‌లో రాసుకోవాలి. మొదటి యాడ్‌లో ఆర్డర్‌కు ₹3,000, రెండో దానిలో ₹400. ఆ అంకె మన మార్జిన్ దాటితే యాడ్ ఆపాల్సిందే.

మరి అమ్మకాలే కావాలి కదా, నేరుగా Sales పెడితే పోలా? వెబ్‌సైట్ ఉండి, ఎవరు కొన్నారో మెటాకు చెప్పే పిక్సెల్ అందులో ఉంటే అదే సరైనది. కానీ వారానికి సుమారు 50 ఫలితాలు వస్తేనే సిస్టమ్ కుదురుగా నేర్చుకుంటుందని మెటా చెబుతుంది. రోజుకు ₹600 అంటే వారానికి ₹4,200. ఆర్డర్‌కు ₹400 పడితే వారానికి పదే వస్తాయి. అదే మెసేజ్‌కు ₹50 పడితే 84 వస్తాయి. చిన్న బడ్జెట్‌తో వాట్సాప్‌లో అమ్మేవాళ్లకు మెసేజ్‌లే సరిపోయే గురి.

దీనికీ హద్దు ఉంది. మెసేజ్ చేసేవాళ్లందరూ కొనేవాళ్లు కారు. 120 మందిలో ఆరుగురే కొంటే వచ్చేది ₹3,600, మళ్లీ నష్టమే. అప్పుడు తప్పు ఆబ్జెక్టివ్‌ది కాదు. ధర యాడ్‌లో రాయకపోవడం, మెసేజ్‌కు గంటల తరబడి జవాబివ్వకపోవడం లాంటివి చూసుకోవాలి.

ఇంకో మాట. క్యాంపెయిన్ పబ్లిష్ చేశాక ఆబ్జెక్టివ్ మార్చడం కుదరదు. తప్పు పెట్టామని తెలిస్తే దాన్ని ఆపేసి కొత్తది పెట్టుకోవాలి. పోస్ట్ కింద ఉండే Boost బటన్ నొక్కేవాళ్లు కూడా, అక్కడ అడిగే గోల్‌ను చూడకుండా డబ్బు కట్టొద్దు. కొనేవాళ్లు చివరికి వచ్చేది వాట్సాప్‌కైతే, అక్కడ మెసేజ్‌లనే ఎంచుకోవాలి.