దిమ్మ బెల్లం, మూడు వాటాలు: నిష్పత్తిలో పంచే లెక్క

ఒకే రకమైన రెండు రాశుల్లో ఒకటి రెండోదానికి ఎన్ని రెట్లు ఉందో, లేదా ఎన్నో వంతు ఉందో చెప్పేది నిష్పత్తి. రెండింటి మధ్య తేడా ఎంత అన్నది ఇక్కడ ప్రశ్న కాదు. కిలో బియ్యానికి ముప్పావు కిలో బెల్లం అన్నది అరిసెలకు చాలా ఇళ్లలో వాడే కొలత. తేడా చూస్తే పావు కిలో. అదే తేడా ఉంచి పది కిలోల బియ్యానికి తొమ్మిదీ ముప్పావు కిలోల బెల్లం వేస్తే అది అరిసె కాదు, పాకం ముద్ద. పిండివంట నిలిచేది తేడా మీద కాదు, నిష్పత్తి మీద.

ఈ కొలతను నిష్పత్తిగా రాయాలంటే ముందు రెండూ ఒకే ప్రమాణంలోకి రావాలి. ఒకటి కిలోల్లో, ఇంకొకటి గ్రాముల్లో ఉంచి 1 : 750 అని రాస్తే బియ్యం కంటే బెల్లం 750 రెట్లు ఎక్కువన్న అర్థం వస్తుంది. గ్రాముల్లోకి మారిస్తే 1000 : 750. రెండు పదాలనూ ఒకే సంఖ్యతో భాగించినా, గుణించినా నిష్పత్తి మారదు. 250తో భాగిస్తే 4 : 3 వస్తుంది. 4కూ 3కూ 1 తప్ప ఉమ్మడి భాజకం లేదు కాబట్టి ఇంతకంటే తగ్గించలేం. దీన్నే కనిష్ఠ రూపం అంటారు. కొలత భిన్నాల్లో ఉన్నా ఇబ్బంది లేదు. ఒకటిన్నరకు ముప్పావు అంటే రెండింటినీ 4తో గుణించి 6 : 3 చేసి, 3తో భాగిస్తే 2 : 1.

కనిష్ఠ రూపంలో ప్రమాణాలు కనబడవు. అందువల్ల 4 : 3 గ్లాసులకూ తవ్వలకూ కూడా వర్తిస్తుందని అనిపిస్తుంది. అది పొరపాటు. ఈ నిష్పత్తి తూకానిది. గ్లాసుడు బియ్యం, గ్లాసుడు బెల్లం తురుము ఒకే బరువు తూగవు. పైగా 4 అన్నది నానబెట్టక ముందు ఉన్న బియ్యం తూకం. నానిన బియ్యం నీరు పట్టి బరువెక్కుతుంది. కిలో బియ్యానికి తడిపిండి 1300 గ్రాములు వచ్చిందనుకుంటే, దాన్నే 4గా తీసుకున్నవారు 975 గ్రాముల బెల్లం వేస్తారు. కావలసినదానికంటే 225 గ్రాములు ఎక్కువ. నిష్పత్తి చెప్పినప్పుడు ఏ దశలో, దేనితో కొలిచినదో చెప్పకపోతే ఆ అంకెలకు విలువ లేదు.

ఇక పంపకం. అనకాపల్లి దేశంలో పేరున్న పెద్ద బెల్లం మార్కెట్లలో ఒకటి. అక్కడ సరుకు దిమ్మల్లో అమ్ముడుపోతుంది. పండగ ముందు మూడు కుటుంబాలు కలిసి ఒక దిమ్మ కొన్నాయనుకుందాం. మొదటి ఇల్లు 450 రూపాయలు, రెండోది 300, మూడోది 225 వేసుకున్నాయి. మొత్తం 975. దిమ్మ 15 కిలోలు తూగింది. కిలో 65 రూపాయలు పడింది.

తలా అయిదు కిలోలు పంచితే మొదటి ఇంటికి కిలో 90 రూపాయలు పడుతుంది, మూడో ఇంటికి 45 మాత్రమే. కాబట్టి వేసిన డబ్బును బట్టి పంచాలి. నిష్పత్తి 450 : 300 : 225. దీన్ని తగ్గించడానికి మూడింటి గరిష్ఠ సామాన్య భాజకం కావాలి. ఎక్కాలతో వెతకనక్కరలేదు, తీసివేతలు చాలు. రెండు సంఖ్యలను భాగించే ఏ సంఖ్యైనా వాటి తేడాను కూడా భాగిస్తుంది. 450లోంచి 300 తీస్తే 150. ఆ 150 తో 300 కూడా తెగుతుంది కనుక మొదటి రెండింటికీ భాజకం 150. ఇప్పుడు 225లోంచి 150 తీస్తే 75. అది 150ని కూడా భాగిస్తుంది. మూడింటికీ కలిపి 75 అన్నమాట. భాగిస్తే 6 : 4 : 3.

ఇక్కడే ఎక్కువ మంది తడబడతారు. మొదటి ఇంటిది 6 కాబట్టి 15ను 6తో భాగించాలని చూస్తారు. ఆ 6 వాటాలోని భాగాల సంఖ్య మాత్రమే, మొత్తం భాగాల సంఖ్య కాదు. దిమ్మ మొత్తం 6 + 4 + 3, అంటే 13 సమాన భాగాలు. మొదటి ఇంటికి పదమూడింట ఆరు, రెండోదానికి పదమూడింట నాలుగు, మూడోదానికి పదమూడింట మూడు.

15 × 6 ÷ 13 = 6.923 కిలోలు
15 × 4 ÷ 13 = 4.615 కిలోలు
15 × 3 ÷ 13 = 3.462 కిలోలు

పాఠ్యపుస్తకంలో అయితే దిమ్మ 13 కిలోలో 26 కిలోలో ఉండేది, వాటాలు తెగ్గొట్టినట్టు వచ్చేవి. దుకాణంలో దిమ్మ అలా ఒదిగి రాదు. 15ను 13తో భాగిస్తే 1.153846... అని సాగుతూనే ఉంటుంది. దాన్ని ముందే 1.15కి కుదించి 6, 4, 3లతో గుణిస్తే 6.9, 4.6, 3.45 వస్తాయి. కూడితే 14.95. యాభై గ్రాముల బెల్లం ఎవరి లెక్కలోనూ లేకుండా పోయింది. ఒక్క దశాంశంతో సరిపెట్టి 1.2 అనుకుంటే మొత్తం 15.6 కిలోలు కావాలి, దిమ్మలో అంత లేదు. ముందు గుణించి, తర్వాత భాగించి, కుదింపును చివరికి ఉంచాలి. పై వాటాలను వంద గ్రాములకు సవరిస్తే 6.9, 4.6, 3.5. కూడితే సరిగ్గా 15. ప్రతిసారీ ఇంత చక్కగా కూడదు. వంద గ్రాములు అటో ఇటో తేలితే చివరి వాటాలో సర్దుకోవడమే మార్గం.

వచ్చిన జవాబును రెండు విధాలుగా సరిచూడవచ్చు. వాటాలన్నీ కూడితే మొత్తం రావాలి. ఒక్కొక్కరు వేసిన డబ్బును వారి వాటాతో భాగిస్తే అందరికీ ఒకే ధర రావాలి. సవరించిన వాటాలతో మొదటి రెండు ఇళ్లకూ కిలో 65 రూపాయల 20 పైసల చొప్పున, మూడో ఇంటికి 64 రూపాయల 30 పైసల చొప్పున పడింది. ఈ కాస్త తేడా కుదింపు వల్ల వచ్చింది. మొదటి పరీక్ష ఒక్కటే సరిపోదు. తలా అయిదు కిలోలు పంచినా కూడిక 15 కిలోలే కదా.

దిమ్మ కొట్టేటప్పుడు కొంత పొడి రాలుతుంది. పంచవలసింది చీటీ మీది 15 కిలోలను కాదు, కొట్టాక తూకానికి వచ్చినదాన్ని. అది 14.8 కిలోలైతే అదే 6 : 4 : 3 పద్ధతిలో 6.83, 4.55, 3.42. నష్టం కూడా అదే నిష్పత్తిలో పడుతుంది. దాన్ని చివర తీసుకునేవారి మీద వేయడం లెక్క కాదు, మొహమాటం.

డబ్బు ప్రకారమా, ఇంట్లో మనుషుల ప్రకారమా, ఏ నిష్పత్తిలో పంచాలన్నది గణితం తేల్చదు. అది పంచుకునేవారి ఒప్పందం. ఒప్పందం కుదిరాక మిగిలేది పై లెక్కే. 1150 ప్రాంతంలో భాస్కరాచార్యుడు రాసిన లీలావతిలోనూ ఇదే ఉంది. ముగ్గురు వర్తకులు 51, 68, 85 చొప్పున పెట్టుబడి పెట్టి వ్యాపారం చేస్తే మొత్తం 300 అయింది, ఎవరి వాటా ఎంత అన్నది అందులోని ఒక ప్రశ్న. ఈ సంఖ్యలు చూడగానే తగ్గేవిగా కనబడవు. తీసివేసి చూస్తే 68 – 51 = 17, 85 – 68 కూడా 17. భాగిస్తే 3 : 4 : 5. మొత్తం 12 భాగాలు, ఒక్కో భాగం 25. వాటాలు 75, 100, 125.