సముద్రం తూర్పున ఉంది

విశాఖ బీచ్ రోడ్డులో 18 గదుల చిన్న హోటల్ ఒకదానికి లాబీ పని నా చేతికి వచ్చింది. అప్పటికి గోడలు లేచాయి, స్లాబు పడింది, నేల మాత్రం ఇంకా ముడి కాంక్రీటే. అంతా పూర్తయ్యాక ఎలా ఉంటుందో ముందే చూపించే బొమ్మ కావాలన్నారు యజమాని. ఇంకా కట్టని గదిని కంప్యూటర్‌లో ఫొటో తీసినట్టు చూపించేవాళ్లను మా వృత్తిలో రెండర్ ఆర్టిస్టులంటాం. హైదరాబాద్‌లో ఉండే ఒక కుర్రాడికి ప్లాను పంపి, దానితోపాటు ఏం కావాలో రాసి పంపాను. అందులో అసలు మాటలు నాలుగే: వెచ్చగా ఉండాలి, ఖరీదుగా కనిపించాలి, మన ప్రాంతపు రాయి, కర్ర వాడాలి, సాయంత్రపు బంగారు వెలుగు ఉండాలి.

వారం తిరిగేసరికి బొమ్మ వచ్చింది. పెద్ద అద్దాల్లోంచి సముద్రం, దాని మీద దిగిపోతున్న ఎర్రటి సూర్యుడు, అద్దంలా మెరిసే నేల మీద పొడుగ్గా పరుచుకున్న పసుపు వెలుగు. యజమాని చాలా సంతోషించారు. ఆ ప్రింటును సైటులో గోడకు అతికించాం. పక్కనే సున్నం కలుపుతున్న మేస్త్రి కాసేపు చూసి అన్నాడు: “బాగుంది గానీ అమ్మా, మన సముద్రంలో పొద్దు పొడుస్తాది గానీ కుంకదు కదా.”

ఆర్టిస్టు తప్పేమీ లేదు. సాయంత్రపు వెలుగు అడిగాను, సముద్రం కనిపించాలన్నాను. రెండూ కలిపి ఇచ్చాడు. ఉత్తర దిక్కు ఎటో, ఏ ఊరో, ఏ నెలో నేను చెప్పలేదు. ఇలాంటి పనుల్లో చాలామంది ఆర్టిస్టులు ఆకాశానికి ఒక గుండ్రటి ఫొటో వాడతారు. హెచ్‌డీఆర్ఐ అంటారు దాన్ని. సూర్యుడు ఆ ఫొటోలోనే ఉంటాడు. ఫొటోను తిప్పితే సూర్యుడూ తిరుగుతాడు, కాబట్టి వెలుగు ఎటు అందంగా పడితే అటు తిప్పేస్తారు. ప్లానులోని ఉత్తరపు బాణంతో బొమ్మలోని నీడలను పోల్చి చూస్తే ఈ తప్పు నిమిషంలో దొరికిపోతుంది. నేను పోల్చలేదు. ఆ బొమ్మ నమ్మి అతిథి సాయంత్రం ఆరింటికి వస్తే, ఆ లాబీలో ఎండ చుక్క కూడా ఉండదు. విశాఖలో డిసెంబరు మూడో వారంలో సూర్యాస్తమయం దాదాపు ఐదున్నరకే. పైగా ఆ రోజుల్లో మధ్యాహ్నం రెండు దాటితే సముద్రం వైపు గోడ మీద నేరుగా ఎండ పడదు.

కాగితం మొదటినుంచీ మళ్లీ రాయాల్సి వచ్చింది. ఈసారి మూడ్‌తో మొదలుపెట్టలేదు, గడియారంతో మొదలుపెట్టాను.

డిసెంబరు 20న తెల్లవారుజామున సైటుకు వెళ్లాను. లాబీ వెడల్పు 24 అడుగులు, లోతు 32 అడుగులు. అద్దాల గోడ తూర్పుకీ ఆగ్నేయానికీ మధ్యగా చూస్తుంది. అద్దం పైఅంచు నేల నుంచి 8 అడుగులు. ఆ రోజుల్లో సూర్యుడు సరిగ్గా తూర్పున కాక, ఆగ్నేయం వైపు బాగా ఒరిగి ఉదయిస్తాడు. అంటే దాదాపు మా అద్దాలకు ఎదురుగానే. 6:23 ప్రాంతంలో పొద్దు పొడిచింది. ఏడున్నరకు సూర్యుడు దిగ్మండలం నుంచి పదమూడున్నర డిగ్రీలే లేచి ఉన్నాడు. అంత వాలుగా వచ్చే కిరణం 8 అడుగుల ఎత్తునుంచి నేలకు దిగేలోగా 33 అడుగులు పోతుంది. మా లాబీ లోతు 32 కాబట్టి ఎండ వెనక గోడ మొదలు దాకా వచ్చింది. ఎనిమిదిన్నరకు 17 అడుగులకు తగ్గింది. తొమ్మిదిన్నరకు పదీ పదకొండు అడుగుల దగ్గర ఆగిపోయింది. ప్రతిసారీ ఎండ అంచు వెంట సుద్దముక్కతో గీత గీసి, పక్కన టైము రాసి, ఫోనులో ఫొటో తీశాను. ఆ ఫొటోలు ఆర్టిస్టుకు ఇవ్వదగ్గ ఆధారాల్లో మొదటివి. సూర్యుణ్ని ఎక్కడ పెట్టాలో ఊరు, తేదీ, టైము ఇస్తే సాఫ్ట్‌వేరే లెక్కగడుతుంది. ఆ లెక్క సరిగ్గా కుదిరిందా లేదా అన్నది సుద్దగీతలతో తేలుతుంది.

డిసెంబరు ఏడున్నర అని తేల్చాక మిగతావన్నీ వాటంతటవే వరసలోకి వచ్చాయి. ముఖ్యంగా సామగ్రి.

నేలకు తాండూరు రాయి అనుకున్నాం, నీలం కలిసిన బూడిద రంగుది, రెండడుగుల పలకలు. “తాండూరు రాయి” అని మాత్రమే రాస్తే బొమ్మలో మూడు రకాలుగా తప్పు వస్తుంది. ఒకటి, మెరుపు. రాయిని పాలిష్ చేయించామా, మెరుపు రాకుండా నున్నగా మాత్రమే తీయించామా అన్నది చెప్పకపోతే కంప్యూటర్‌లో అది అద్దం అయిపోతుంది. ఎండ పదమూడున్నర డిగ్రీల వాలులో వస్తున్నప్పుడు నున్నటి రాయి కూడా కొంత మెరుస్తుంది. ఇక పాలిష్ రాయి అయితే నేల మొత్తం తెల్లగా పేలిపోయి రాయి రంగే కనిపించదు. రెండోది, పలకల కొలత. నాలుగడుగుల పలకలుగా గీస్తే గది సగానికి చిన్నదైనట్టు అనిపిస్తుంది, అడుగు పలకలుగా గీస్తే హాలులా విచ్చుకుంటుంది. చూసేవాళ్లు కారణం చెప్పలేరు గానీ ఏదో తేడాగా ఉందంటారు. మూడోది, ఒకే పలక ఫొటోను నేలంతా అచ్చు గుద్దినట్టు వాడటం. అదే మరక ఆరు చోట్ల కనిపిస్తే ఆ నేల మీద నమ్మకం పోతుంది. అందుకే కనీసం పది వేర్వేరు పలకల ఫొటోలు, నీడలో పైనుంచి నిటారుగా తీసి, పక్కన స్కేలు పెట్టి పంపాను. ఒక చిన్న ముక్కను కొరియర్ కూడా చేశాను. చేతిలో పట్టుకుని కిటికీ దగ్గర అటూ ఇటూ తిప్పి చూస్తే తెలిసేది ఏ ఫొటోలోనూ తెలియదు.

గోడకు సున్నపు గచ్చు. దాని అందమంతా తాపీ తిరిగిన జాడల్లో ఉంటుంది. ఆ జాడలు ఎదురు వెలుగులో కనిపించవు, గోడను ఒరుసుకుంటూ పోయే వెలుగులో మాత్రమే లేస్తాయి. మేం ఎంచుకున్న టైములో ఎండ పక్కగోడల వెంట సాగుతుంది కాబట్టి కెమెరాను ఎండకు అడ్డంగా చూసేలా, దక్షిణం మూలనుంచి ఎడమ గోడ వైపు పెట్టమన్నాను. సముద్రం వైపు నేరుగా చూస్తే గది అంతా నీడబొమ్మ అవుతుంది. కెమెరా ఎత్తు నాలుగున్నర అడుగులు. లెన్సు మరీ వెడల్పుగా వద్దని కచ్చితంగా రాశాను. 16 మిల్లీమీటర్ల లెన్సు పెడితే 24 అడుగుల లాబీ కల్యాణ మండపంలా సాగుతుంది. అది చూసి వచ్చిన అతిథి తలుపు తీయగానే “ఇంతేనా?” అంటాడు. మేం 28 దగ్గర ఆగాం.

దీపపు స్తంభాలు ఏటికొప్పాకవి. అంకుడు కర్రను తరిణె పట్టి లక్క రంగులు పూసేది ఆ ఊరి పని. మొదటి బొమ్మలో అవి ప్లాస్టిక్ బొమ్మల్లా ఉన్నాయి, ఎందుకంటే నేను “మెరిసే ఎరుపు కర్ర” అని రాశాను. లక్క మెరుపు లోతుగా ఉంటుంది, దాని కింద తరిణె మీద తిరిగిన సన్నటి గీతలు కనిపిస్తాయి. ఈసారి అదే రాసి, దగ్గరగా తీసిన ఫొటో జతచేశాను.

ఇక మూడ్. “వెచ్చగా” అంటే ఒక్కొక్కరికి ఒక్కొక్కటి తోస్తుంది. అందుకే విశేషణాలు తీసేసి, కంటికి కనిపించేవే రాశాను. ఆ పేరా ఇది:

“ఏడున్నర. రాత్రి రైల్లో హైదరాబాద్ నుంచి వచ్చిన భార్యాభర్తలు ఇప్పుడే లోపలికి వచ్చారు. వాళ్లు కనిపించనక్కర్లేదు. రెండు చక్రాల పెట్టెలు, పేము కుర్చీ మీద మడతపడిన శాలువా, బల్ల మీద సగం తాగిన కాఫీ గ్లాసులు రెండు కనిపిస్తే చాలు. గదిలో అన్నిటికన్నా వెలుగ్గా ఉండేది నేల మీది ఎండ. దాని తర్వాత సున్నపు గోడ. పైకప్పు బాగా నీడలోనే ఉండాలి. పగలు కాబట్టి దీపాలన్నీ ఆర్పి ఉంటాయి, కౌంటర్ మీద ఒక్కటి తప్ప. దాని వెలుగు 2700 కెల్విన్, దీపం బుడ్డి పసుపు. అద్దం బయట సముద్రం దాదాపు తెల్లగా పోయినా పరవాలేదు. నీలాకాశం అతికించవద్దు.”

చివరి రెండు వాక్యాల కోసం చాలా ఆలోచించాను. లోపల నీడ, బయట ఎదురెండ ఉన్నప్పుడు కన్నైనా కెమెరా అయినా రెంటినీ ఒకేలా చూడలేవు. బయట నిండు నీలం, లోపల నిండు వెలుగు రెండూ ఉన్న బొమ్మ ఎంత అందంగా ఉన్నా అబద్ధమని కంటికి తెలిసిపోతుంది. దీపాల విషయమూ అంతే. పొద్దున ఎండలో అన్ని దీపాలూ వెలిగిస్తే అది హోటల్ కాదు, దీపాల దుకాణం అవుతుంది. యజమానికి ఇది నచ్చజెప్పడం తేలిక కాలేదు. ఖర్చుపెట్టి కొన్న దీపాలు బొమ్మలో వెలగకపోతే ఎలా అన్నారాయన. వాటికోసం రెండో బొమ్మ సాయంత్రం 5:45కి అనుకున్నాం. సూర్యుడు వెనక వైపు అస్తమించి ఇరవై నిమిషాలవుతుంది, తూర్పు ఆకాశం ముదురు నీలంలోకి జారుతుంది, లోపలి దీపాల వెలుగూ బయటి వెలుగూ కాసేపు సమానంగా ఉంటాయి. మన దగ్గర సంధ్య త్వరగా ముగుస్తుంది కాబట్టి అది పావుగంట ముచ్చటే.

పనిని ఒక్కసారిగా అడగకూడదన్నది కూడా ఈసారి కాగితంలో రాశాను. ముందు రంగులూ రాళ్లూ లేకుండా అంతా బూడిద రంగులో ఉన్న బొమ్మలు కావాలన్నాను. వాటిలో కెమెరా, ఎండ తేలితే తర్వాత సామగ్రి ఎక్కించాలి. రాళ్లూ రంగులూ వచ్చాక కెమెరా కదపమంటే చేసిన పనిలో చాలావరకు మళ్లీ చేయాల్సిందే. ఏడు, ఏడున్నర, ఎనిమిదిన్నర, మూడు టైములకూ బూడిద బొమ్మలు అడిగాను.

అవి వచ్చిన రోజు రాత్రి ఆర్టిస్టు ఫోన్ చేశాడు. “అక్కా, సుద్దగీతలు సరిపోయాయి. కానీ ఏడింటి బొమ్మ ఒకసారి పెద్దది చేసి చూడండి. కౌంటర్ దగ్గర కుర్చీలో మనిషిని పెట్టాను. ఎండ సరిగ్గా ఆయన కళ్లలో పడుతోంది.”

చూశాను. నిజమే. కౌంటర్‌ను వెనక గోడ దగ్గర, సముద్రానికి ఎదురుగా పెట్టాం, అద్దం నుంచి 28 అడుగుల దూరంలో. ఏడింటికి సూర్యుడు ఏడు డిగ్రీలే ఎత్తులో ఉంటాడు, అక్కడి దాకా వచ్చేసరికి ఎండ పైఅంచు నేలకు నాలుగున్నర అడుగుల ఎత్తున ఉంటుంది. కూర్చున్న మనిషి కన్ను నాలుగడుగుల దగ్గర. పొద్దు పొడిచింది మొదలు ఏడు దాటేదాకా ఆయన కంప్యూటర్ తెరా చూడలేడు, ఎదురుగా నిలబడ్డ అతిథి ముఖమూ చూడలేడు. రాత్రి రైళ్లు దిగినవాళ్లు వచ్చేది ఆ వేళకే. సైటులో అంతసేపు ఉన్నా నాకు ఇది తట్టలేదు. నా చూపంతా నేల మీది గీతల మీదే ఉండిపోయింది.

మర్నాడు యజమానితో మాట్లాడి, కడప రాయి పలకలు ఇంకా కోయించలేదు కాబట్టి, కౌంటర్‌ను ఎడమ గోడకు మార్చాం. అక్కడ కూర్చున్నవాళ్లకు ఎండ పక్కనుంచి వస్తుంది. ఖాళీ అయిన వెనక గోడ దగ్గర పేము కుర్చీలు వేశాం. ఏడున్నర బొమ్మలో ఎండ వాటి కాళ్ల దాకా వచ్చి ఆగుతుంది.