ఎండోస్కోపీ ఫొటో చూసినా ముక్క ఎందుకు తీస్తారు?

ఎండోస్కోపీ రిపోర్టు ఇంటికొస్తే అందరి కళ్లూ ముందు ఫొటోల మీదే పడతాయి. ఎర్రగా కనిపించిన చోటల్లా పుండే అనుకుంటారు. నిజానికి ఎరుపు సాధారణంగా వాపుకు గుర్తు. పుండు అడుగు తెల్లగా ఉంటుంది.

మోకాళ్ల నొప్పికి ఏడాదిగా మాత్రలు మింగుతున్న 55 ఏళ్ల మనిషిని అనుకుందాం. మొదటి ఫొటోలో కడుపు లోపలి పొర ఎర్రబడి, అక్కడక్కడా గోటితో గీరినట్టుంది. రిపోర్టులో గ్యాస్ట్రయిటిస్ అని రాసేది దీన్నే. ఆ గీతలు పైపొరను దాటి పోవు. రెండో ఫొటోలో సెంటీమీటరు వెడల్పున గుంట, దాని అడుగున తెల్లటి పూత. అది పైపొరనూ దాని అడుగునున్న పల్చటి కండరాన్నీ తినేసి లోతుకు దిగింది. అందుకే పుండు అంటారు.

దాని అంచు నునుపుగా ఉంది. చుట్టూ ఉన్న ముడతలు గుంట దాకా సాఫీగా వచ్చాయి. అంచు ఎగుడుదిగుడుగా పైకి లేచినా, ముడతలు లావెక్కి గుంటకు ముందే ఆగిపోయినా క్యాన్సర్ అనుమానం పెరుగుతుంది. ఇక్కడ అలాంటివేవీ లేవు. అయినా డాక్టరు ముక్కలు తీశారు. ఇంట్లో వాళ్లు హడలిపోయేది ఈ మాటకే!

తొలి దశ క్యాన్సర్ కూడా ఇలాగే నునుపుగా కనిపించగలదు. పైగా యాసిడ్ తగ్గించే మాత్రలకు క్యాన్సర్ పుండు సైతం కొంత మానుతుంది, నొప్పీ తగ్గుతుంది. కాబట్టి మందుకు తగ్గిందన్నది సాక్ష్యం కాదు.

ముక్క అంటే రెండు మూడు మిల్లీమీటర్లే. తీసేటప్పుడు నొప్పి తెలియదు. అయితే ఒక్కటి చాలదు. అడుగు నుంచి ఒక్కటే తీస్తే చచ్చిన కణాలే రావచ్చు, క్యాన్సర్ ఒక పక్క అంచులోనే దాగి ఉండవచ్చు. అందుకే అంచు చుట్టూ నాలుగు వైపులా, అడుగు నుంచీ కలిపి ఆరేడు ముక్కలు తీస్తారు.

పుండుకు దూరంగా మరికొన్ని తీసేది హెలికోబ్యాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియా కోసం. అది ఫొటోలో కనబడదు. ఆస్ట్రేలియాలో రాబిన్ వారెన్ దాన్ని 1979లో గమనించింది కూడా ఇలాంటి బయాప్సీ ముక్కల్లోనే. రెండు వారాల్లోపు యాసిడ్ మాత్రలు గానీ, నెలలోపు యాంటీబయాటిక్స్ గానీ వాడి ఉంటే బ్యాక్టీరియా ఉన్నా లేదని రావచ్చు. ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి.

మన మనిషి ముక్కల్లో క్యాన్సర్ లేదు, బ్యాక్టీరియా ఉంది. నొప్పి మాత్రలు ఆపించి, బ్యాక్టీరియాకు మందులిచ్చి, పది వారాలకు మళ్లీ ఎండోస్కోపీ చేశారు. గుంట పోయి సన్నటి తెల్లని మచ్చ మిగిలింది. డాక్టరు ఆ మచ్చ నుంచి కూడా ముక్కలు తీశారు.